తెలుగు నిజంగా ‘మెషిన్ గన్’ భాషేనా? లయ వర్గాల సిద్ధాంతం, మిల్లీసెకన్ల లెక్క

మా అన్నయ్య కూతురు డిగ్రీ అయ్యాక విశాఖ ద్వారకానగర్‌లో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లో చేరింది. మొదటి వారంలోనే నోట్సు తెచ్చి నా ముందు పెట్టింది. “బాబాయ్, తెలుగు సిలబుల్-టైమ్డ్ భాషట. ఇంగ్లీషు స్ట్రెస్-టైమ్డ్. మనం ఇంగ్లీషు మాట్లాడితే మెషిన్ గన్ పేల్చినట్టు ఉంటుందట. నిజమేనా?”

నిజమేనా అన్న ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఆ మాట కోచింగ్ మాస్టారు సొంతంగా పుట్టించింది కాదు. ఎనభై ఏళ్లకి పైగా ధ్వనిశాస్త్రంలో నలుగుతున్న మాట. అందులో తెలుగు ఏదో మూల ఉదాహరణగా వచ్చింది కూడా కాదు, సిద్ధాంతాన్ని నిలబెట్టిన ఆరు భాషల్లో అదొకటి. ఆ తర్వాత అదే సిద్ధాంతాన్ని స్టాప్‌వాచ్ పెట్టి పరీక్షించినప్పుడూ తెలుగు అక్కడే ఉంది.

రెండు లయలు అంటే ఏమిటి

ముందు మాటలు తేల్చుకుందాం. ఇక్కడ అక్షరం అంటే బళ్లో రాసే అక్షరం కాదు. ఒక అచ్చు చుట్టూ కట్టిన ఉచ్చారణ ముక్క. ‘పడవ’లో మూడు, ‘గాజువాక’లో నాలుగు. ఊనిక అంటే మాటలో ఒక అక్షరం మీద పడే బరువు. ఇంగ్లీషులో ‘బనానా’ అన్నప్పుడు బరువంతా నడిమి ‘నా’ మీద పడి, ముందూ వెనకా ఉన్న అచ్చులు అరిగిపోయి, ఏ అచ్చో చెప్పలేనంత మసకగా వినిపిస్తాయి. మనం అదే మాటని మూడు అచ్చులూ నిండుగా పలుకుతాం.

ఇప్పుడు సిద్ధాంతం. అక్షర లయ భాషలో ప్రతి అక్షరమూ దాదాపు ఒకే కాలం తీసుకుంటుంది. ఊనిక లయ భాషలో అక్షరాలు ఎన్నున్నా ఊనికకీ ఊనికకీ మధ్య కాలం ఒకటే ఉంటుంది. ‘బాయ్స్ మేక్ టీ’ అనండి. మూడు అక్షరాలు, మూడు ఊనికలు. ‘ద బాయ్స్ ఆర్ మేకింగ్ ద టీ’ అనండి. ఏడు అక్షరాలు, ఊనికలు మాత్రం అవే మూడు. సిద్ధాంతం ప్రకారం ఇంగ్లీషువాడి నోట రెండు వాక్యాల్లోనూ దరువు ఒకే ఎడంతో పడాలి. నడుమ వచ్చిన ‘ఆర్’, ‘ఇంగ్’, ‘ద’ ఆ ఎడంలోనే ఇరుక్కుని సర్దుకోవాలి.

మెషిన్ గన్ పోలిక 1940లో ఆర్థర్ లాయిడ్ జేమ్స్ వాడింది. ఇంగ్లీషు లయని ఆయన మోర్స్ కోడ్‌తో పోల్చాడు. 1945లో కెనెత్ పైక్ వీటికి స్ట్రెస్-టైమ్డ్, సిలబుల్-టైమ్డ్ అని పేర్లు పెట్టాడు. 1967లో డేవిడ్ అబర్‌క్రాంబీ ఇంకా ముందుకెళ్లి, మనకు తెలిసినంతలో ప్రపంచ భాషలన్నీ ఈ రెంటిలో ఏదో ఒక గూటిలోవే అన్నాడు. అక్షర లయకి ఆయన ఇచ్చిన ఉదాహరణలు ఫ్రెంచి, తెలుగు, యొరుబా. ఊనిక లయకి ఇంగ్లీషు, రష్యన్, అరబ్బీ. మా అమ్మాయి నోట్సులో తెలుగు పేరు ఉండటానికి మూలం ఈ జాబితాయే.

ఆరు భాషల మీద పెట్టిన కొలబద్ద

1982లో పీటర్ రోచ్ సరిగ్గా ఆ ఆరు భాషలనే తీసుకుని, ఒక్కో భాషకి ఒక్కో మనిషి మాటల రికార్డింగు కొలిచాడు. సిద్ధాంతం నిజమైతే రెండు సంగతులు కనపడాలి. ఒకటి, అక్షర లయ భాషల్లో అక్షరాల నిడివి పెద్దగా మారకూడదు, ఊనిక లయ భాషల్లో బాగా మారాలి. రెండు, ఊనిక లయ భాషల్లో ఊనికల మధ్య ఎడం సమానంగా ఉండాలి.

అక్షరాల నిడివి సగటు నుంచి ఎంత చెదిరిందో చెప్పే అంకెలు ఇవి: తెలుగు 66 మిల్లీసెకన్లు, ఫ్రెంచి 75.5, యొరుబా 81. అటువైపు అరబ్బీ 76, రష్యన్ 77, ఇంగ్లీషు 86. తెలుగు ఒక కొసన, ఇంగ్లీషు ఇంకో కొసన ఉన్నాయి కాబట్టి పైపైన చూస్తే సిద్ధాంతం నిలిచినట్టే ఉంటుంది. నడిమి నాలుగూ చూడండి. ‘అక్షర లయ’ యొరుబా, ‘ఊనిక లయ’ రష్యన్ కంటే ఎక్కువ చెదిరింది. ఫ్రెంచికీ అరబ్బీకీ తేడా అర మిల్లీసెకను. రెండు గూళ్లకి నడుమ గోడ కనపడలేదు.

రెండో పరీక్ష ఇంకా గట్టి దెబ్బ. ఊనికల మధ్య ఎడం అన్నిటికంటే సమానంగా ఉండాల్సిన ఇంగ్లీషులోనే అది అన్నిటికంటే అసమానంగా తేలింది. నడుమ అక్షరాలు పెరిగినకొద్దీ ఎడమూ పెరుగుతూ పోయింది. ఇంగ్లీషువాడి నోట్లో అక్షరాలు కొంత నలుగుతాయి గానీ, ఎడం మారకుండా ఉండేటంతగా నలగవు.

తెలుగు విషయంలో ఈ రెండో కొలతకి ఇంకో చిక్కుంది. ఇంగ్లీషులో మాటకి ఊనిక ఎక్కడో నిఘంటువు చెబుతుంది. ‘పడవ’లో ఊనిక ఎక్కడో ఏ తెలుగు నిఘంటువూ చెప్పదు, ఎందుకంటే మనకి ఊనిక మారితే అర్థం మారే మాటలు లేవు. ఎక్కడుందో తేలని గుర్తుల మధ్య దూరం కొలిచి ఒక తీర్పు చెప్పడం కష్టం.

అయితే చెవికి వినపడే తేడా ఎక్కడిది?

సిద్ధాంతం చెప్పిన సమానత్వం దొరకలేదని చెవికి తేడా వినపడటం మానదు. ఆర్కే బీచ్‌లో విదేశీయులెవరైనా పక్కనుంచి మాట్లాడుకుంటూ వెళ్తే, ఒక్క మాటా అర్థం కాకపోయినా వాళ్ల నడక మన నడక కాదని తెలిసిపోతుంది. 1983లో రెబెకా డవర్ దీనికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ అన్నిటికంటే సబబుగా అనిపిస్తుంది. ఆమె వేర్వేరు భాషల్లో ఊనికల మధ్య ఎడం కొలిచి, ఇంగ్లీషు కూడా స్పానిష్ లాంటి భాషల కంటే సమానంగా ఏమీ లేదని చూపింది. లయ అనేది లోపల కొట్టుకునే గడియారం కాదు, భాష కట్టడం వల్ల వచ్చే ఫలితం అంది.

కట్టడం అంటే రెండు మూడు సంగతులు. ఇంగ్లీషు అక్షరంలో హల్లులు గుత్తులుగా వస్తాయి. ‘స్ట్రెంగ్త్స్’ అన్న మాటంతా ఒకే అక్షరం. తెలుగులో ఎక్కువగా ఒక హల్లు, ఒక అచ్చు. మాట చివర దాదాపు ఎప్పుడూ అచ్చే, లేకపోతే సున్న. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు అరిగిపోతుంది, మన దగ్గర అంతగా అరగదు. ఈ రెండూ కలిస్తే ఒక భాష గుంపులుగా, ఇంకోటి వరసగా వినిపిస్తుంది. అందులో కాలాన్ని సమంగా పంచే పని ఎవరూ చెయ్యక్కర్లేదు.

దీంతో పరిశోధకులు కొలతనే మార్చారు. అక్షరాలు సమానమా అని అడగడం మానేసి, మాటల ప్రవాహాన్ని అచ్చు ముక్కలుగా, హల్లు ముక్కలుగా కోసి వాటి వాటాలు చూడటం మొదలుపెట్టారు. 1999లో రామూ, నెస్పోర్, మెహ్లర్ ఎనిమిది భాషల్ని ఇలా కొలిచారు. మాట మొత్తం కాలంలో అచ్చుల వాటా ఇంగ్లీషులో 40.1 శాతం, ఫ్రెంచిలో 43.6, జపనీస్‌లో 53.1. దీనికి హల్లు ముక్కల నిడివి ఎంత చెదిరిందన్న లెక్క జోడించి కాగితం మీద చుక్కలు పెడితే ఇంగ్లీషు, డచ్, పోలిష్ ఒక గుంపు, ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్, కాటలన్ ఒక గుంపు, జపనీస్ ఒంటరిగా పడ్డాయి. పాత గూళ్లు కొత్త బట్టల్లో తిరిగొచ్చినట్టు కనిపించాయి. అందులో తెలుగు లేదు.

రాజు గాజువాక వాడు: ఒక లెక్క

nPVI అని ఇంకో కొలత ఉంది, ఇప్పుడు ఎక్కువగా వినపడేది. పక్కపక్క అచ్చుల నిడివిలో తేడా ఎంతో చూసి, ఆ తేడాల సగటు తీస్తారు. మాట వేగం వల్ల లెక్క చెడకుండా ప్రతి తేడానీ ఆ జంట సగటుతో భాగిస్తారు.

```
nPVI = 100 × ( Σ |d_k − d_(k+1)| / ((d_k + d_(k+1)) / 2) ) / (m − 1)
```

ఇందులో d ఒక్కో అచ్చు నిడివి, m మొత్తం అచ్చులు. అచ్చులన్నీ సమానమైతే సున్న. నిండు అచ్చూ అరిగిన అచ్చూ మార్చి మార్చి వస్తే పెద్ద అంకె. కాబట్టి ఇంగ్లీషుకి పెద్దది, అక్షర లయ భాషలకి చిన్నది రావాలి.

మా అమ్మాయితో కూర్చుని రెండు తెలుగు వాక్యాల మీద ఈ లెక్క వేశాం. నిడివులు రికార్డింగులోవి కావు, లెక్క నడక తెలియడానికి మేం వేసుకున్నవి. మొదటి వాక్యం ‘ఇది మన పడవ’. ఏడు అచ్చులు, అన్నీ హ్రస్వాలే. వరసగా 70, 60, 75, 65, 70, 60, 90 మిల్లీసెకన్లు అనుకున్నాం. చివరిది పెద్దది, ఎందుకంటే వాక్యం ముగిసే చోట ఎవరైనా కాస్త సాగదీస్తారు. మొదటి జంటలో తేడా 10, సగటు 65, భాగిస్తే 0.154. ఇలా ఆరు జంటలకీ చేసి, కలిపి, ఆరుతో భాగించి, వందతో గుణిస్తే 19 వచ్చింది. ఆ చివరి సాగదీతని పక్కన పెట్టి లెక్కేస్తే 15 మాత్రమే. ఒక్క ఆఖరి అచ్చు నాలుగు పాయింట్లు పెంచింది.

రెండో వాక్యం ‘రాజు గాజువాక వాడు’. దీర్ఘం, హ్రస్వం, దీర్ఘం, హ్రస్వం, చివరిదాకా అంతే. ఛందస్సు తెలిసినవాళ్లకి ఇది వరసగా నాలుగు హగణాలు. దీర్ఘం 140, హ్రస్వం 70 అనుకుంటే ప్రతి జంటలోనూ తేడా 70, సగటు 105. ఏడు జంటలూ ఒకటే కాబట్టి జవాబు 67.

అమ్మాయి అంకె చూసి ఆగిపోయింది. “ఇది ఇంగ్లీషు కంటే ఎక్కువ కదా బాబాయ్?”

ఎక్కువే. 2002లో గ్రేబ్, లో అనే ఇద్దరు ఈ పద్ధతిలో పద్దెనిమిది భాషలు కొలిస్తే, ఒక్కో భాషకి ఒక్కో మనిషి చదివిన కథలో, బ్రిటిష్ ఇంగ్లీషుకి 57.2 వచ్చింది. ఫ్రెంచికి 43.5, స్పానిష్‌కి 29.7. అదే పట్టికలో మన పక్కింటి తమిళానికి 55.8. తమిళాన్ని ఇంగ్లీషు గూటిలో వెయ్యాలని చెవితో విన్నవాళ్లెవరూ అనరు. అంకె మాత్రం ఇంగ్లీషు పక్కన కూర్చోబెట్టింది.

కారణం మా రెండో వాక్యంలోనే ఉంది. ఈ కొలతకి తేడా కనపడుతుంది గానీ తేడా ఎందుకొచ్చిందో కనపడదు. ఇంగ్లీషులో పొట్టి అచ్చు పొట్టిగా ఉండేది ఊనిక లేక అరిగిపోవడం వల్ల. తెలుగు, తమిళాల్లో పొట్టి అచ్చు అరగలేదు, అది హ్రస్వం, అంతే. ‘కల’ వేరు, ‘కాల’ వేరు. అర్థం కోసం వచ్చిన పొట్టి, అరుగుదల వల్ల వచ్చిన పొట్టి, రెండూ ఈ సూత్రం లోపలికి వెళ్లి ఒకే అంకెగా బయటికొస్తాయి.

ఇంకో లోటు ఛందస్సు కళ్లతో చూస్తే తెలుస్తుంది. ‘మద్దిలపాలెం’లో మొదటి ‘మ’ గురువు. దాని అచ్చు పొట్టిదే, బరువు వెనక నిలబడ్డ ‘ద్ద’ది. మన పూర్వులు రెండు మాత్రలు లెక్కేసిన ఆ చోటు, అచ్చుల్ని మాత్రమే చూసే ఈ సూత్రానికి ఒక మామూలు పొట్టి అచ్చు. ద్విత్వాలు ఇంత విరివిగా ఉన్న భాషలో ఇది చిన్న లోటు కాదు.

ఒకే మనిషి, ఒకే సాయంత్రం, రెండు భాషల అంకెలు

పై రెండూ తెలుగు వాక్యాలే. ఒకటి 19, ఇంకోటి 67. వాక్యం ఎంచుకున్నదాన్ని బట్టి తెలుగుని ఏ గూటిలోకైనా పంపొచ్చన్నమాట. మేం చేసింది బొమ్మ లెక్క. అసలు మనుషుల రికార్డింగులతో ఇదే పని చేసింది అమాలియా అర్వనీతి, 2012లో. ఇంగ్లీషు, జర్మన్, గ్రీకు, ఇటాలియన్, కొరియన్, స్పానిష్ భాషల్లో కావాలనే కొన్ని వాక్యాల్ని హల్లు గుత్తులతో, కొన్నిటిని సాదా అక్షరాలతో అల్లించి చదివించారు. వాక్యం మారితే, మనిషి మారితే, చదవడమా మామూలుగా మాట్లాడటమా అన్నది మారితే అంకెలు ఎంతగా మారాయంటే భాషల మధ్య తేడా అందులో కొట్టుకుపోయింది. ఈ కొలతలతో భాషల్ని వర్గీకరించడం కుదరదని ఆమె తేల్చింది.

మాట్లాడే తీరు ఎంత మారుస్తుందో మన ఊళ్లోనే వినొచ్చు. ‘గాజువాక వాడు’ అని నిదానంగా అనేవాళ్లు ఎంతమంది? ‘రాజు గాజువాకోడు’ అంటాం. ఇప్పుడు అచ్చులు ఏడే, ‘వా’, ‘కో’ రెండు దీర్ఘాలు పక్కపక్కన పడ్డాయి, ఆ జంట తేడా సున్న. మిగతా ఐదు జంటలూ పాతవే. మళ్లీ లెక్కేస్తే 67 కాస్తా 56కి దిగింది. మనిషి మారలేదు, సంగతి మారలేదు.

అచ్చుల వాటా సంగతీ అంతే. ‘మనిషి’ అని విడమరిచి పలికితే మూడు హల్లులకి 60, 60, 90, మూడు అచ్చులకి 70, 50, 70 అనుకోండి. మొత్తం 400లో అచ్చులు 190, అంటే 47.5 శాతం. మాటల్లో మనం అనేది ‘మన్షి’. నడిమి ఇకారం పోయింది. 350లో అచ్చులు 140, సరిగ్గా 40 శాతం. ఒక్క మాటని భాష సగటుతో పోల్చకూడదు, నిజమే. కానీ ‘అడిగాను’ని ‘అడ్గాను’, ‘చెప్పలేదు’ని ‘చెప్లేదు’ అనే అలవాటు ఒక్క మాటది కాదు, మామూలు తెలుగు సంభాషణంతా అలాగే సాగుతుంది. తెలుగులో అచ్చు అరగదని ఇందాక నేనన్న మాట విడమరిచి చదివే తెలుగుకి సరిపోతుంది. రికార్డింగు కోసం పేపరు చదివించిన తెలుగూ, కాంప్లెక్స్ దగ్గర ఆటో బేరమాడే తెలుగూ ఈ కొలతకి రెండు వేరు భాషలుగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

పసిపిల్లల సాక్ష్యం

అలాగని లయ వర్గాలు ఉత్త భ్రమ అని కొట్టిపారేయలేం. వాటి పక్షాన ఉన్న గట్టి సాక్ష్యం పురిటి పిల్లలది. 1998లో నాజీ, బెర్తోన్చీనీ, మెహ్లర్ ఫ్రాన్సులో అప్పుడే పుట్టిన పిల్లలకి పరాయి భాషలు వినిపించారు. 400 హెర్ట్‌జ్‌కి పైనున్న ధ్వనంతా వడకట్టేశారు. అలా వడకడితే పక్కగదిలో మాటల్లా, నడకా రాగమూ తప్ప మాట తెలియదు. పిల్లలు పాలపీక ఎంత జోరుగా చప్పరిస్తున్నారన్నదే వాళ్లకి తేడా తెలిసిందో లేదో చెప్పే కొలత. ఇంగ్లీషు నుంచి జపనీస్‌కి మారిస్తే పిల్లలు గుర్తుపట్టారు. ఇంగ్లీషు నుంచి డచ్‌కి మారిస్తే గుర్తుపట్టలేదు. పాత సిద్ధాంతం గీసిన గీత ఏ పుస్తకమూ చదవని చెవికి వినపడింది.

వర్గాలున్నాయనేవాళ్లు దీన్ని ముందుపెట్టి, తప్పు మన కొలబద్దలదే గానీ వర్గాలది కాదంటారు. ఎదుటివాళ్లు, పిల్లలు గుర్తుపట్టింది లయనేనని ఎలా తెలుసు, వడకట్టినా రాగమూ వేగమూ మిగిలే ఉన్నాయి కదా అంటారు. పెద్దవాళ్ల మీద తర్వాత చేసిన పరీక్షల్లో మాట వేగం కూడా భాషల్ని గుర్తుపట్టడానికి సాయం చేస్తుందని తేలింది. రెండు వైపులా బలముంది. నా మటుకు నాకు, దగ్గరగా ఉన్న భాషలూ దూరంగా ఉన్న భాషలూ ఉన్నాయన్నంత వరకే పిల్లల సాక్ష్యం సరిపోతుంది. వాటి నడుమ గోడలున్నాయనీ, ఆ గోడలు సరిగ్గా రెండో మూడో అనీ అందులో లేదు.

ఈ కొలత నమ్మదగ్గది ఎక్కడ

ఈ సూత్రం మొదట్లో అక్కరకొచ్చింది సింగపూర్ ఇంగ్లీషుని బ్రిటిష్ ఇంగ్లీషుతో పోల్చడానికి. ఒకే భాష, అవే వాక్యాలు, రెండు ప్రాంతాల నోళ్లు. వాక్యం మారదు కాబట్టి తేడా వాక్యానిది అయ్యే వీల్లేదు. సింగపూర్‌వాళ్లు ఊనిక లేని అచ్చుల్ని అంతగా అరగదియ్యరని అంకెల్లో కనపడింది. మా అమ్మాయి కోచింగ్‌లో చెప్పిన మాటలో నిలబడే ముక్క ఇదే. ఆమె ‘బనానా’లో మూడు అచ్చులూ నిండుగా పలుకుతుంది, ఇంగ్లీషువాళ్లు పలకరు. అది కొలవొచ్చు, వినొచ్చు. దానికి తెలుగు గడియారం వేరు, ఇంగ్లీషు గడియారం వేరు అన్న కథ అక్కర్లేదు.

బొమ్మ లెక్కతో ఆమెకి తృప్తి కలగలేదు. ఫోన్లో ‘రాజు గాజువాక వాడు’ రికార్డు చేసి ప్రాట్‌లో తెరిచింది. ఇది ధ్వనులు కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్. ‘గా’, ‘జు’ల అంచులు తేలిగ్గానే దొరికాయి. గ కోసం గాలి ఆగిన చోట పట్టీ వెలిసిపోతుంది, జ దగ్గర గీతల్లో గరగర కనిపిస్తుంది. ‘జువా’ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ‘జు’లో ఉకారం ఎక్కడ అయిపోయింది, వ ఎక్కడ మొదలైంది? తెరమీద ఒకే నల్లపట్టీ మెల్లగా వంగుతూ ‘వా’లోకి పోతోంది. నేను ఒక చోట గీత పెట్టాను. ఆమె దానికి ముప్ఫై మిల్లీసెకన్లు ఇవతల పెట్టింది. అచ్చు నిడివే డెబ్భై ఉండే చోట ముప్ఫై తేడా అంటే, మా ఇద్దరి గీతలతో ఆ జంట అంకెలు రెండు వేరు భాషలవిలా ఉంటాయి. వెనక్కి జరిపి, ముందుకి జరిపి, చెవిలో పెట్టుకుని చాలాసేపు విన్నాం. చివరికి రెండు గీతల్నీ అలాగే ఉంచి, రెండు లెక్కలూ విడివిడిగా రాసుకుంది.